తెర పట్టిన మనిషి

వేణుమాధవ్ గారికి,

మా లోవలక్ష్మి పెళ్ళి వీడియో చూశాం. బాగుంది. కానీ ఆ మెరూన్ చొక్కా ఆయన్ని తీసేయండి. ఆయన్ని మేం పిలవలేదు. వియ్యాలవారి మనిషనుకున్నాం. వాళ్ళేమో మా మనిషనుకున్నారట. "మీ చుట్టం ప్రతి చోటా ఉన్నారేటండీ?" అని వియ్యపురాలు అడిగితే కనుక్కుని చెబుతానన్నాను.

భోజనాల దగ్గర కత్తిరించడం సులువేనన్నారు. చిక్కంతా జీలకర్ర బెల్లం దగ్గరే. వధూవరుల మధ్య తెరకు ఒక కొస పట్టుకున్నది ఆయనే. నిన్న ఫోన్లో మీరు చెప్పారు: "సార్, ఆయన్ని తీస్తే ముహూర్తమే పోతది. రెండో కెమెరా అప్పుడు డైనింగ్ హాల్ల ఉండె. జూమ్ చేస్తే బొమ్మ పగుల్తది. మొహం మీద పూల గ్రాఫిక్ పెడితే అందరు ఆయన్నే చూస్తరు."

నిజానికి ఆ కొస మా బావమరిది సన్యాసిరాజు పట్టాలి. అతను మండపం బయట సెల్‌ఫోన్‌లో ఆఫీసువాళ్ళతో మాట్లాడుతున్నాడు. పంతులుగారు "ఎవరైనా రండి బాబూ" అని కేకేస్తే ఈయన వచ్చాడు. క్యాసెట్ మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. తెర దించేదాకా ఆయన చెయ్యి వణకలేదు. తీయమనాలో ఉంచమనాలో నాకే తెలియడం లేదు.

పోనీ, ఉంచేయండి. వియ్యపురాలికి ఏదో చెబుతాను. మొహం బాగా కనబడేచోట ఆపి, ఒక ఫొటో మాత్రం తీసివ్వండి. మాఘంలో చిన్నమ్మాయి పెళ్ళి. అప్పుడూ సెలవు దొరకదని సన్యాసిరాజు ఇప్పుడే చెప్పేశాడు. ఈయన్ని వెతికి, ఈసారి శుభలేఖ ఇవ్వాలి.

లోవలక్ష్మి తండ్రి,
యాప్రాల్