పాప పేరు వెనక ఏముంది

ఆదివారం, జహీరాబాద్

కులం కాని అబ్బాయిని పెళ్లి చేసుకున్నాక నాన్న మా గడప తొక్కడం ఇవాళే మొదలు. అమ్మ మాత్రం రాలేదు. పాపకు వెన్నెల అని పేరు పెట్టగానే మా ఆయన తండ్రి, మామయ్య, మురిసిపోయి, "వెన్నెలా రావు!" అన్నారు. నాన్న పేరు చివర శాస్త్రి కదా, ముఖం ముడుచుకున్నారు.

నాకు పిన్నిలాంటి పక్కింటి జరీనా ఖాలా నవ్వింది. "మా తాత ఊరికి పటేల్ పని చేసిండు. పని పోయింది, పటేల్ అన్న పేరు మిగిలింది. మీదీ గంతేనా?"

నాన్నలోని తెలుగు మాస్టారు మేలుకున్నారు. "గంతేనమ్మా! రాజే రాయడై, రాయడే రావైండు. నాయకుడు నాయుడైండు. పరగణాల శిస్తు వసూలు చూసే పెద్దమనిషి చౌదరి అయిండు. శాస్త్రాలు చదివినోడు శాస్త్రి. నేనైతే ఒక్క శాస్త్రం చదవలే."

"మా తాతకు రాజ్యం కాదు గదా, ఎడ్ల జత గూడ లేకుండె," అన్నారు మామయ్య. ఇద్దరూ పగలబడి నవ్వారు. పాప ఉత్త వెన్నెలగానే మిగిలింది.

ఇన్నాళ్లూ ఫోన్లో "మీ మామ" అనే నాన్న, వెళ్తూ చేతులు జోడించి, "పోయొస్త, రావుగారూ," అన్నారు.

మామయ్య లేచి నిలబడ్డారు. "మల్ల వచ్చేటప్పుడు అమ్మగారిని గూడ తోల్కరండ్రి, శాస్త్రిగారూ."