మిల్లీమీటర్ల హవేలీ

నోయిడా, ఫిబ్రవరి 2006

నేను కొలవకుండా ఏ సెట్టూ యానిమేషన్‌కు వెళ్లదని మా స్టూడియో హెడ్ మాథుర్ మాట ఇచ్చి ఆరేళ్లయింది. మొదటి సినిమాకే ఆ మాట గాలికి పోయింది.

ఈ రోజు హవేలీ సీనులో షాండ్లియర్ తెగిపడాలి. అది దూదిలా మెల్లగా దిగింది. దాని బరువు పెంచీ పెంచీ కొత్త యానిమేటర్ సునీత విసిగిపోయింది. నేను కంప్యూటర్లో ఆ సెట్టు తలుపు కొలిచాను. ఇరవై ఒక్క మీటర్లు! ఆర్కిటెక్ట్ ప్లాను మిల్లీమీటర్లలో ఉంటే సెంటీమీటర్లనుకుని సెట్టు కట్టారు. పాత్రలను కూడా దానికి తగ్గట్టే పదింతలు పెంచారు కాబట్టి చూపుకు ఏ తేడా తెలియలేదు. గ్రావిటీని మాత్రం ఎవరూ పెంచలేదు. పదింతల ఎత్తు నుంచి పడితే మూడింతలకు పైగా సమయం పడుతుంది.

"మొత్తం సెలెక్ట్ చేసి పదో వంతుకు తగ్గించండి, బస్," అన్నాడు మాథుర్.

"అలా చేస్తే పాత్రల చర్మం లోపలి ఎముకలతో పాటు ఒకసారి, విడిగా ఇంకోసారి తగ్గి చితికిపోతుంది. దీపాలు దగ్గరై వెలుగు వందింతలవుతుంది. బట్టల సిమ్యులేషన్ అంతా మళ్లీ చేయాలి," అన్నాను.

"అంకుల్, మేరా తీన్ మహీనే కా కామ్?" అంది సునీత. ఆ మూడు నెలల పనీ మళ్లీ చేయాల్సిందేనని చెప్పాను.

మాథుర్ అక్కడే క్లయింటుకు ఫోన్ చేసి, కొత్త అమ్మాయి పొరపాటు చేసిందని, రేపటి నుంచి ఆమె ఉండదని చెప్పాడు. నాతో కొలిపించకుండా ఆ సెట్టును పాస్ చేసింది మాథురే అని నేను అరిచాను. "అచ్ఛా, మీ వయసుకు అంత కోపం మంచిది కాదు," అని నవ్వాడు.

సునీత బ్యాగు సర్దుకుంటూ నాకు సారీ చెప్పింది. పిచ్చిపిల్ల! తప్పు మాథుర్‌ది.