అప్పయ్య తాత పరీక్ష, నా వ్యాసం

నువెల్ ఫ్రాన్స్, మారిషస్
ఆగస్టు, 1967

పూజ్యురాలైన అక్కయ్యకు,

తమ్ముడు సుబ్బారావు సముద్రానికి ఇవతల నుంచే నీ కాళ్ళకు దణ్ణం పెట్టి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా వెళ్తున్నారా? నా గురించి మాత్రం దిగులు పెట్టుకోకు. నిజంగా బాగానే ఉన్నాను.

ఆగస్టులో చలేమిటని నవ్వకు. ఇక్కడ ఇప్పుడే చలికాలం. ఈ ఊరు మిట్టమీద ఉంది కాబట్టి పొద్దుటి నుంచీ తుంపర, తోడుగా చెరకు కొట్టే రోజులు. నా గది గంగన్న అనే దుకాణదారు ఇంటి వెనక. తెలుగువాళ్ళే, కానీ ఇంట్లో మాట్లాడేది క్రియోలు, ఫ్రెంచి కలగలిసిన ఇక్కడి భాష. అన్నం, పప్పు, ఆకుకూరల పులుసు వాళ్ళే పెడతారు. ఇంగువ మాత్రం దొరకదు, వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కాస్త పంపించు. వచ్చే ఏడు ఇంగ్లీషు జెండా దిగిపోతుందని దుకాణంలో ఒకటే చర్చ. నేను వింటూ కూర్చుంటాను. సగం అర్థం కాదు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం మీరంతా గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

సర్కారు బడిలో నా తెలుగు పాఠాలు లేనప్పుడు లండను డిగ్రీకి ప్రైవేటుగా చదువుతున్నానని రాశాను కదా. రోజ్ హిల్‌లో ఒక రిటైరైన మాస్టారు నీతిశాస్త్రం చెబుతారు. బస్సులో వెళ్ళి వ్యాసం ఇచ్చి వస్తాను, ఆయన ఎర్రసిరాతో చంపి ఇస్తారు.

ఈసారి విషయం ఇది. ఏది మంచి పని అంటే నియమం చూడమంటారు కొందరు. ఫలితం చూడమంటారు కొందరు. మూడోవాళ్ళు మనిషి గుణం చూడమంటారు: ఆ సందర్భంలో మంచి గుణాలున్న మనిషి ఏం చేస్తాడో అదే మంచి పని. నాకు ఈ మూడోదే నచ్చి పొగుడుతూ రాశాను. మాస్టారు మార్జిన్‌లో ఇలా రాశారు: "అంతా బాగుంది. బస్సు వచ్చి నిలబడింది, ఎక్కాలా వద్దా? నీ సిద్ధాంతం అది చెప్పదు. మంచివాడెవడు? మంచి పని చేసేవాడు. మంచి పనేది? మంచివాడు చేసేది. గానుగెద్దులా తిరుగుతున్నావు."

పౌరుషం వచ్చింది. జవాబు రాశాను. మంచివాణ్ణి అతని పనుల లెక్కతో పోల్చుకోం, గుణాలతో పోల్చుకుంటాం. మనిషి మనిషిగా బతకడానికి కావలసిన నిజాయితీ, దయ, ధైర్యం, కృతజ్ఞత, అవీ గుణాలు. ప్రతి గుణం పేరులోనూ ఒక ఆజ్ఞ ఉంది: నిజాయితీగా ఉండు, పిరికిపని చెయ్యకు, మేలు మరవకు. అవి చాలవా దారి చూపడానికి? అప్పటికీ తెలియకపోతే మనకంటే మంచివాణ్ణి వెతికి అడుగు. ఇలా నాలుగు పేజీలు నింపి మురిసిపోయాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా!

మరుసటి వారమే నా బస్సు వచ్చి నిలబడింది.

ఊళ్ళో సాయంత్రం తెలుగు తరగతి అప్పయ్య తాతది. డెబ్బై దాటాయి. రామభజనలో దీపం చుట్టూ అడుగు వేస్తూ ఆయన గొంతెత్తితే కుర్రకారు కూడా ఆగిపోతారు. నేను దిగిన కొత్తలో జ్వరమొస్తే మూడు రోజులు పక్కనే కూర్చుని గంజి తాగించిన మనిషి. ఇప్పుడు సాయంత్రం తరగతులను ప్రభుత్వం గుర్తిస్తుందట. గురువులను పరీక్షించి రిపోర్టు రాయమని ఆ పని నాకు అప్పజెప్పారు.

మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన వాచకం ఆయన చేతికిచ్చి మూడో పాఠం చదవమన్నాను. కళ్ళకద్దుకుని గడగడా మొదలుపెట్టారు, ఆవు పాఠం. ఒక్క తప్పు లేదు. కానీ కొత్త వాచకంలో పాఠాల వరస మార్చారక్కా. ఆయన వేలు కింద ఉన్నది కాకి పాఠం.

నా ముఖం చూసి ఆయన ఆగిపోయారు. పుస్తకం మూసి, టోపీ తీసుకుని వెళ్ళిపోయారు.

గంగన్నకు చెబితే, "బాబూ, ఎవరికి తెలుస్తాది? తాత సిగ్గు తియ్యకు. లెస్ లీ, వదిలెయ్ ఆయన్ని," అన్నాడు. వదిలేద్దామనే అనిపించింది. కృతజ్ఞత పాస్ చెయ్యమంటుంది, నిజాయితీ వీల్లేదంటుంది. ఆ తరగతి పిల్లలు పాటలా పాఠాలు అప్పజెబుతారు, ఒక్కడికీ అక్షరం రాదు. వాళ్ళ సంగతేమిటి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుణాలు రెండూ చెరోవైపు లాగితే ఏం చెయ్యాలన్నది నా వ్యాసం మీద మాస్టారు వెయ్యబోయే రెండో ప్రశ్న. దానికి జవాబూ నాకు తెలుసు. నియమాలవాళ్ళకూ ఈ తగువు తప్పదు, ఎక్కాల పట్టిక ఎవరి దగ్గరా లేదు. దయ అంటే ఏమిటో సగమే తెలిసినవాడికే అది నిజంతో గొడవపడినట్టుంటుంది. ఆ మిగతా సగం వివేకం, అది బతికితే వచ్చేది. రాయడం తేలికే. నాకు వివేకం ఉంటే కదా!

అప్పుడు నా వ్యాసంలో చివరిమాట గుర్తొచ్చింది, మనకంటే మంచివాణ్ణి అడగమని. ఈ దీవిలో నాకు తెలిసిన అంత మంచివాడు ఒక్కడే, ఆ తాతే. సిగ్గు విడిచి ఆయన దగ్గరకే వెళ్ళాను.

"తాతా, నా చోట మీరుంటే ఏం చేస్తారు?"

తాత చెరకుతోట వైపు చూస్తూ అన్నారు: "మో పా కోనే లీర్, బాబూ. నాకు చదవను రాదు. మా పూజారి చదివితే నేను విని నేర్చినాను. ఆయన పోయినాడు. పిల్లలొచ్చి గురువూ అన్నారు. కాదని చెప్పలేదు నేను. నన్ను అడుగుతావేం? మంచోడైతే ఇట్టాంటి చోట ఉండడు కదా."

మంచివాడు ఆ ఇరుకులోకే రాడు కాబట్టి, ఇరుక్కున్నవాడికి అతని మాదిరి దారి చూపదు. ఇది నా సిద్ధాంతం మీద అన్నిటికంటే గట్టి దెబ్బ, మాస్టారికీ తట్టలేదు. నేను తడబడుతూ, "సరే తాతా, తప్పు జరిగిపోయింది. ఇప్పుడు మంచిగా ఉండాలనుకునేవాడు ఏం చేస్తాడు?" అన్నాను.

"అది తేలిక," అన్నారు. "చెప్తాడు. తనే చెప్తాడు. నువ్వు రాసేముందు నేను చెప్పాల."

శనివారం రామభజన ముగిశాక హారతి పళ్ళెం కింద పెట్టి, అందరి ముందూ చెప్పారు. తర్వాత ఆడవాళ్ళు ఏడ్చారు, గంగన్న నాతో మాట మానేశాడు. వారమైంది, అన్నం పళ్ళెం గుమ్మంలో పెట్టి పోతాడు. అతని కోపం న్యాయమే. చేసింది సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, అయినా గుండెలో ముల్లు పోలేదు. సరైన పని చేసినా మిగిలే బాధ అబద్ధం కాదని, అది లేనివాణ్ణి మంచివాడనకూడదని వ్యాసంలో కొత్తగా చేర్చాను. మాస్టారు ఈసారేమంటారో.

పెద్ద అక్షరాల వాచకం ఏదైనా కాకినాడలో దొరికితే పంపు. అత్తయ్యగారికి, బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నేను చేసింది తప్పనిపిస్తే మొహమాటపడకుండా తిట్టు. నీ తిట్టు నాకు దీవెనే.

ఒక్కమాట మిగిలిపోయింది. రిపోర్టు కింద గురువు సంతకానికి చోటుంది. వేలిముద్ర చాలన్నాను. తాత ఒప్పుకోలేదు, నాలుగు రోజులు ఆపమన్నారు. రోజూ పొలం నుంచి తిన్నగా నా గదికి వచ్చి పలక మీద దిద్దారు. నిన్న, "ఇతనికి చదవడం, రాయడం రాదు" అని నేను రాసిన వాక్యం కింద, నాలుక పంటితో నొక్కిపట్టి రాశారు: అప్పయ్య. కాసేపు చూసుకుని, పైన ఉన్న నా వాక్యం మీద వేలు పెట్టి, "ఇక్కడ ఏముంది, బాబూ?" అని అడిగారు. చదివి వినిపించాను. "సరిగ్గా రాసినావు," అన్నారు.

నీ తమ్ముడు,
సుబ్బారావు