వీసా పేజీ మీద కుంకుమ

మామయ్యకు,

నాకు వీసా వచ్చిందన్న పోస్టు చూసి, "గిదేంది, స్టాంపు ఫొటో పెట్టలే, ఏం దాస్తున్నది?" అని అమ్మను అడిగారట. అందులో సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు మాత్రమే చెప్పాను. కాలేజీ పేరు కూడా కావాలనే రాయలేదు. విద్యార్థి వీసా పేజీ మీద పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, కాలేజీ పేరు, అమెరికా ప్రభుత్వం ప్రతి విదేశీ విద్యార్థికీ ఇచ్చే సెవిస్ నంబరు అన్నీ ఉంటాయి. అవి దొరికినవాడు అమెరికా ఆఫీసు నుంచంటూ ఫోన్ చేసి ఎవరినైనా నమ్మించగలడు.

నిన్న అలాంటి ఫోనే వచ్చింది. నా సెవిస్ నంబరు తప్పు లేకుండా చదివి, వీసా రద్దవుతుందన్నాడు. ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం అబిడ్స్‌లో మీ దుకాణం పక్కనున్న వీసా కన్సల్టెన్సీ అద్దం మీద నా వీసా పేజీ ఫొటో కనిపించింది, "మా స్టూడెంట్" అని. నేనెన్నడూ అక్కడికి పోలేదు. ఫారాలన్నీ నేనే నింపుకున్నాను. పాస్‌పోర్టు నంబరు మీద నల్లగీత గీశారు గానీ, పేజీ అడుగున మెషీన్ చదివే అక్షరాల వరసలో అదే నంబరు మళ్లీ ఉంది. సెవిస్ నంబరునైతే అలాగే వదిలేశారు.

"మాకేం తెల్వదమ్మా, ఎవరో పంపిన్రు" అన్నాడు లోపలాయన. తీసేసేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ ఫొటోలో పేజీ మూలన కుంకుమ ఉంది. నాంపల్లిలో మీ ఇంటి పూజలో అత్తయ్య పెట్టిన బొట్టది. ఇంటికి రాకముందే, ఆటోలోనే అమ్మ తుడిచేసింది. అంతకుముందు ఫొటో తీసింది మీరొక్కరే.

ఎవరికి పంపారని అడగను. ఆదివారం మీ దీవెనలకు వస్తాను. పాస్‌పోర్టు మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

మీ మేనకోడలు