సరిహద్దు రాయి దగ్గర కంచరగాడిదలు

కర్సానా గ్రామానికి చెందిన అప్పాస్ భార్యను, ఇప్పుడు వితంతువును, ఔరేలియా అమ్మియా అనే నేను, బుద్ధి నిలకడగానూ ఒంట్లో సత్తువ తక్కువగానూ ఉన్న స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా చెప్పి రాయిస్తున్నాను. ముగ్గురు బిడ్డలను కన్నదాన్ని గనుక రోమ్ చట్టం ప్రకారం నాకు సంరక్షకుడి అనుమతి అక్కర్లేదు. మూడోది పేరు పెట్టకముందే పోయింది. అయినా లెక్కలోకి వస్తుందని లేఖకుడు అన్నాడు.

ఒకటి. నా కూతురు దోమ్నా నాకు వారసురాలు. చట్టం ఇచ్చిన గడువులోగా ఆమె సాక్షుల ముందు వారసత్వం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పొలాలతోపాటు వాటి మీది పన్ను, రహదారి వంతు కూడా ఆమెవే. గోధుమలో మన భాగం పట్టణంలో అప్పగిస్తే సరిపోదు. సైన్యం కోసం అడిగినప్పుడు కోటకు వెళ్లే బళ్లను మన వంతు దూరం తోలాలి. వానలకు కంకర కొట్టుకుపోతే మన వంతు దారి మనమే పూడ్చాలి. ఇవన్నీ తెలిసే ఒప్పుకో దోమ్నా. వద్దనుకుంటే వద్దను. నేనేమీ అనుకోను.

రెండు. నా దాసుడు ఒనేసిమోస్‌కు స్వేచ్ఛ ఇస్తున్నాను. పెద్ద బండి, దాని జోడు కంచరగాడిదలు అతనికే. వారసురాలు వద్దంటే దాసుణ్ణి వారసుడిగా పెట్టమని, దాసుడైతే కాదనలేడని పట్టణంలో ఒకాయన సలహా ఇచ్చాడు. పన్నుల కింద నలగడానికి మనిషిని విడిపించడం నాకు నచ్చలేదు. అతనికి వాకిట్లో ఎండపట్టున ఉండే గది కూడా ఇవ్వాలి. మోకాళ్లు నొప్పులంటాడు.

మూడు. కొండవాలు పచ్చికబీడు మొత్తం, ఊటతో సహా, పొరుగున ఉన్న మోకెల్లా గ్రామానికి రాస్తున్నాను. గ్రామాలకు ఆస్తి రాయడం చెల్లుతుంది. దోమ్నా మొహం ఎలా పెడుతుందో నాకు తెలుసు. అందుకే కారణం చెబుతున్నాను.

ఆ బీడు మొదట మోకెల్లా వాళ్లదే. పంట పోయిన ఏడు పన్ను కట్టలేక అమ్మితే నా భర్త కొన్నాడు. అప్పుడాయన పట్టణంలో పన్ను వసూలుకు పూచీ పడ్డ పదిమందిలో ఒకడు. జనం కట్టనిది ఆ పదిమందే తమ ఆస్తిలోంచి పూడ్చాలి. ఆయనకూ వేరే దారి లేకపోయింది. బీడు మీది పన్ను మా పేరుకు మారింది. రహదారి వంతు మారలేదు. ఎవరి ఊరు ఎంత దూరం బళ్లు తోలాలన్నది పాత పన్నును బట్టి చక్రవర్తి భూముల అధికారి ఎప్పుడో విధించాడు. సరిహద్దు రాయిదాకా మాది, అక్కణ్ణుంచి బళ్లు మారే తూర్పు చావడిదాకా మోకెల్లాది. వాళ్లకు మేత పోయింది, మోయాల్సిన దూరం మాత్రం అలాగే ఉంది.

యూఫ్రటీస్ ఒడ్డుకు సైన్యం వెళ్లిన వేసవిలో, మెలిటీన్ కోటకు వెళ్లే గోధుమను మా వంతు దూరం తోలమని మా ఊరికి ఆజ్ఞ వచ్చింది. సైన్యం తెచ్చిన అనుమతిపత్రంలో ఎన్ని బళ్లని రాసి ఉందో అన్నే కట్టాం. నా కొడుకు మెన్నెయాస్ ముందు బండి తోలాడు, ఒనేసిమోస్ అతని పక్కన కూర్చున్నాడు. రాయి దగ్గర మోకెల్లా పశువులు ఉండాలి. లేవు. వాళ్ల పెద్ద గ్లైకోన్ ఒక్కడే దారి పక్కన నిలబడి ఉన్నాడు. తర్వాత జరిగింది ఒనేసిమోస్ చెప్పగా విన్నాను.

"ఏమయ్యా, మీ పశువులేవీ?" అని నా కొడుకు అడిగాడట.

"మేతలేక సగం చచ్చాయి. మిగిలినవాటిని లోయలో దాచాం. ఇస్తే తిరిగొస్తాయా? నువ్వే చెప్పు."

బళ్ల వెంట వచ్చిన సైనికాధికారి మా బళ్లనే ముందుకు తోలమన్నాడు. మావాడు రాయి చూపించి, "అయ్యా, మా వంతు ఇక్కడితో అయిపోయింది" అన్నాడు.

"ఆ మాట రాయికి చెప్పుకో. సైన్యం ఆకలి రాళ్లను చూసి ఆగదు. తోలు!"

ఒనేసిమోస్ దిగిపోదాం రమ్మన్నాడు. మావాడు నవ్వాడట. "గాడిదల్ని వదిలి ఇంటికెళ్తే మా అమ్మ చంపుతుంది. కోటదాకా వెళ్లి తోలుకొచ్చేస్తాలే. నువ్వెళ్లి చెప్పు" అన్నాడు. నేను గాడిదల గురించి అలా అనేదాన్నే.

కోట దగ్గర బళ్లు ఖాళీ చేయించారు, కానీ వదల్లేదు. గుడారాలు ఎక్కించి నది దాటించారని అటునుంచి వచ్చిన బండివాళ్లు చెప్పారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. చలికాలంలో ఒక గాడిద తిరిగొచ్చింది. వీపు పుండు పడి ఉంది. కడిగి నూనె రాశాను. ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్లు చూశాను. తర్వాత చూడటం మానేశాను.

గవర్నరు న్యాయసభకు వచ్చినప్పుడు అర్జీ ఇచ్చాను. అందరి అర్జీల జవాబులతోపాటు నా అర్జీకి జవాబునూ గోడకు అంటించారు. అనుమతిపత్రంలో రాసినదానికి మించి బళ్లుగానీ పశువులుగానీ ఎవరూ తీసుకోకూడదు, తీసుకుంటే అధికారికి తెలపాలి అని ఉంది. న్యాయం నా పక్కనే ఉంది. అందులో నా కొడుకు ఊసు లేదు. ఆ జవాబును రాతిపై చెక్కించి దారి పక్కన నిలబెట్టాను. సైనికులు దానికి గుర్రాలు కట్టేస్తారు.

నా భర్త ఆ మరుసటి ఏడు పోయాడు. గ్లైకోన్ అంత్యక్రియలకు వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. "అక్కా, నేను కావాలని చేయలేదు. నా పిల్లలకు ఆ పశువులే దిక్కు" అన్నాడు. "తెలుసు. లోపలికి రా, పప్పు తిని వెళ్లు" అన్నాను. తిన్నాడు. నాకు కోపం రాలేదు. క్షమించానని కూడా రాయవద్దు. అలాంటిదేమీ జరగలేదు.

కనుక బీడు వాళ్లదే. దానిమీది పన్ను ఇకనుంచి వాళ్లే కట్టాలి. షరతు ఒక్కటే. మంచి కంచరగాడిదలను ఆ బీడులో మేపి, అనుమతిపత్రం వచ్చిన ప్రతిసారీ రాయి దగ్గర సిద్ధంగా ఉంచాలి. కర్సానా బండివాడు ఎవడికీ ఆ రాయి దాటే అవసరం రాకూడదు. షరతు తప్పితే బీడు దోమ్నాకు వస్తుంది.

నాలుగు. నా మరిది కొడుకులకు ఏమీ లేదు. అర్జీ రాయించడానికి నాతో పట్టణం రమ్మంటే పొలం పని ఉందన్నారు. ఉందేమో.

ఐదు. మగ్గం, నీలిరంగు దుప్పటి దోమ్నా కూతురికి. దుప్పటి అంచు ఒకచోట వంకర. విప్పొద్దు.

ఆరు. నన్ను నా భర్త పక్కన పాతిపెట్టాలి. సమాధి జోలికి వచ్చినవాణ్ణి చంద్రదేవుడు మేన్ చూసుకుంటాడని అందరిలాగే చెక్కించండి.

ఏడు. నా కొడుకు మెన్నెయాస్‌కు ఇంటి పడమటి గది, వాగు పక్క ద్రాక్షతోట ఇస్తున్నాను. "గతించిన ఔరేలియస్ మెన్నెయాస్" అని రాయనా, "బతికి ఉన్న" అని రాయనా అని లేఖకుడు అడిగాడు. చట్టానికి ఏదో ఒకటి కావాలట. పేరు ఒక్కటే రాయమన్నాను. తోటకు నీళ్లు పెడుతూ ఉండండి.

మా ప్రాంతపు లెక్కలో రెండువందల అరవయ్యో సంవత్సరం, ద్రాక్షలు కోసే నెల, కర్సానాలో, పగటిపూట.

ఔరేలియా అమ్మియా. చదువు రాదు గనుక లేఖకుడు నా తరఫున రాశాడు. ముద్ర నాది.

ముద్ర వేసిన సాక్షులు: ఔరేలియస్ దూదాస్, ఔరేలియస్ పాపియాస్, ఔరేలియస్ కిద్రామాస్, ఔరేలియస్ ట్రోకొండాస్, ఔరేలియస్ హెర్మైయోస్, ఔరేలియస్ ఆట్టాలోస్.

ఏడో సాక్షి, మోకెల్లా పెద్ద ఔరేలియస్ గ్లైకోన్. మా ఊరి తరఫున షరతు విన్నాను. రాయి దగ్గర పశువులు ఉంటాయి.