ఇరవై అయిదో సెకను

థిస్టెడ్, సెప్టెంబర్ 2

తోర్బెన్,

నువ్వు పంపిన కాగితం అందింది. మీ అమ్మ తొంభయ్యో పుట్టినరోజుకి అడిలైడ్‌లో పెద్ద తెర కడుతున్నావనీ, డెన్మార్క్‌లోని చుట్టాల్లో ఒక్కో కుటుంబానికీ వీడియోకి నలభై సెకన్లు ఇస్తున్నావనీ అర్థమైంది. మా నలభై సెకన్లు నువ్వే రాసి పంపావు. ముందు దాన్ని నీకు తిరిగి రాస్తున్నాను, నువ్వు ఏం రాశావో నువ్వే ఇంకోసారి చదువుకోవాలని.

0–2: ఎవరూ మాట్లాడరు, అందరూ ఫోన్ వైపు చూస్తారు.
2–9: అస్గర్: "ఎలినోర్, తొంభై ఏళ్లు నిండినందుకు శుభాకాంక్షలు. ఇక్కడ మేమంతా క్షేమం."
9–16: సిగ్నె: "అమ్మమ్మా, నీ ఆపిల్ కేకు చేశాం, నీ అంత బాగా రాలేదు."
16–20: రాస్మస్: "నా ముక్క మాత్రం నాకే."
20–25: లీవా బొమ్మ చూపిస్తుంది: "ఇది నువ్వు, ఇది కంగారూ."
25–29: వీబెకె గొంతు, కెమెరా వెనక నుంచి: "మా అమ్మ కలకాలం బతకాలి!"
29–38: అందరూ మూడు పొట్టి హుర్రేలు, ఒక పొడుగు హుర్రే.
38–40: చేతులు ఊపి, కదలకుండా నిలబడాలి.

రాసిన తీరులో తప్పేమీ లేదు. సెకనుకు రెండు మాటలు మించలేదు. ఒకరు ఆపి మరొకరు అందుకునే చోట అర సెకను వదిలావు. తెగిపోకుండా మొదటా చివరా రెండేసి సెకన్లు ఖాళీ ఉంచావు. ఇవన్నీ వీబెకె దగ్గర నేర్చుకున్నవే. ఏటా మా వీడియో రాసేదీ ఆమే, తీసేదీ ఆమే. అందుకే ఏ వీడియోలోనూ ఆమె ముఖం లేదు. గొంతొక్కటే ఉంటుంది, హుర్రేకి కేక వేసేటప్పుడు. ఆ సంగతి నీకు బాగా పనికొచ్చింది. పోయిన ఏడాది వీడియోలోంచి ఆమె కేకని కోసి ఇరవై అయిదో సెకనులో అతికిస్తే మీ అమ్మకి అనుమానం రాదన్నావు.

నీ చెల్లెలు, నా వీబెకె, చనిపోయి అయిదు నెలలైంది. మీ అమ్మ గుండె తట్టుకోదని అంత్యక్రియలకి నువ్వొక్కడివే వచ్చావు. వీబెకెకి గొంతు ఆపరేషన్ అయింది, మాట్లాడకూడదు అని అక్కడ మీ అమ్మకి చెప్పావు. నేను అడ్డు చెప్పలేదు. ఆ తప్పులో నా వాటా నాదే.

ఆదివారం కూర్చుని ప్రయత్నించాం. వంటింట్లో, మధ్యాహ్నం వెలుతురులో. ఫోన్ అడ్డంగా పెట్టి పుస్తకాల దొంతరకి ఆనించాం. రొద పడకుండా ఫ్రిజ్ ఆపాం. సిగ్నె కూతురు లీవా అందరికంటే ముందు, ఎందుకంటే పిల్లల గొంతు రెండడుగులు వెనక్కి వెళ్తే వినపడదు. మొదటిసారి ముప్పై తొమ్మిది సెకన్లకే అయిపోయింది. రెండోసారి రాస్మస్ కేకు ముక్క నోట్లో పెట్టుకుని తన నాలుగు సెకన్లూ నమిలాడు. సిగ్నె తమ్ముడితో, "నీకిచ్చినవి నాలుగు మాటలు, అవీ మింగేశావు," అంది. చాలా రోజులకి నవ్వాం.

మూడోసారి సిగ్నె తన ఫోన్‌లోంచి వీబెకె వేసిన ఆ కేక వినిపించింది, హుర్రే సరిగ్గా అందుకోవడానికి. పోయిన ఏడాది తోటలో తీసింది కదా, వెనక గాలి హోరు కూడా వచ్చింది. మూసిన వంటింట్లో గాలి. లీవా బొమ్మ కింద పడేసి పుస్తకాల దొంతర వెనక్కి పరుగెత్తింది. అక్కడ గోడ ఉంది.

"తాతా, వచ్చి మళ్లీ వెళ్లిపోయిందా?" అని అడిగింది.

ఫోన్ ఆపేశాను. దానికి అయిదేళ్లు. అమ్మమ్మ చనిపోయిందని దానికి తెలుసు. తెలిసిన పిల్లకే ఒక క్షణం అబద్ధం నేర్పాం.

ఈ కాగితం ప్రకారం నేను చెయ్యను. ఆ గొంతు అతికించను. "మేమంతా క్షేమం" అనను. పుట్టినరోజు తెర మీద చావు కబురు కూడా చెప్పను. నలభై సెకన్లు అందుకు కాదు. కాబట్టి మీ అమ్మకి ముందే తెలియాలి. నువ్వు చెప్పు. శనివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నేను చెబుతాను.

అస్గర్


థిస్టెడ్, సెప్టెంబర్ 5

తోర్బెన్,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. మీ అమ్మకి ఏమన్నా అయితే నేనే కారణమన్నావు. సరే, నా పేరే రాసుకో. నా దుఃఖం తీరక ఆమె మీద పెడుతున్నానన్నావు. అదీ కొంత నిజమే కావచ్చు. నలభై సెకన్ల విషయానికి ఇంత రాద్ధాంతమా అన్నావు. దీనికి మాత్రం ఒప్పుకోను. నలభై సెకన్లలో వీబెకెకి నువ్వు ఇచ్చినవి నాలుగు, అవీ దొంగ సెకన్లు.

సిగ్నె నీ వైపే ఉందన్నావు. మొన్నటిదాకా ఉంది. నిన్న వచ్చి, "నాన్నా, ఆ క్లిప్ నేను కొయ్యలేను, మామయ్యకి నువ్వే చెప్పు," అంది. చెబుతున్నాను.

కొత్త కాగితం ఇదీ. మొదటి రెండు సెకన్లూ నిశ్శబ్దం. రెండు నుంచి ఎనిమిది దాకా నేను: "ఎలినోర్, తొంభై ఏళ్లకి శుభాకాంక్షలు. మిమ్మల్ని తలుచుకుంటున్నాం." సిగ్నె, రాస్మస్, లీవా ముగ్గురివీ ఒక్కో సెకను ముందుకి జరిగి ఇరవై నాలుగుకి అయిపోతాయి. ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది దాకా కేక నేను వేస్తాను. నాది కీచు గొంతు, అయినా వేస్తాను. తర్వాత పది సెకన్లు హుర్రేలు, చివర రెండు సెకన్లు చేతులు. గడువు మారలేదు.

అస్గర్


థిస్టెడ్, సెప్టెంబర్ 8

తోర్బెన్,

నువ్వు చెప్పలేదు. ఈ ఉదయం ఎనిమిదింటికి ఫోన్ చేశాను. మీకు మూడున్నర, నువ్వు పనిలో ఉంటావని తెలిసే చేశాను. మీ అమ్మే ఎత్తింది. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఎదురింటి ఆవిడ పేకాటకి వచ్చిందంది. ఆవిణ్ణి ఉండమనండి అన్నాను. తర్వాత చెప్పాను. పేరు, తేదీ, జబ్బు. ఏదీ దాచలేదు.

తర్వాత మీ అమ్మ అడిగింది, "అయితే దానికి నా మీద కోపం లేదా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మార్చిలో ఫోన్‌లో వీబెకెని మందలించిందట, తండ్రి సమాధి దగ్గరికి పువ్వులు కూడా తీసుకెళ్లడం లేదని. అప్పటికి వీబెకె వీధి చివరి దాకా కూడా నడవలేకపోయేది. రిపోర్టులు వచ్చాక అమ్మకి చెబుదామనుకుంది. ఆ మాటే ఇద్దరి మధ్యా చివరి మాట.

నీకు తెలియనిది ఒకటుంది. జూన్‌లో మీ అమ్మకి కార్డు పంపాను. కింద నా పేరూ వీబెకె పేరూ నేనే రాశాను. ఆ పని చేసిన చెయ్యిని ఇప్పటికీ క్షమించుకోలేదు. మీ అమ్మ దాన్ని భూతద్దం పెట్టి చూసిందట. "గొంతుకి ఆపరేషన్ అయితే వేళ్లకేమైంది? సంతకం కూడా నీ చేత పెట్టించిందంటే ఇక జన్మలో మాట్లాడదనుకున్నాను," అంది. కూతురికి కోపమొచ్చిందన్న బాధని అయిదు నెలలూ లోపలే మోసింది. నీకు చెప్పలేదు, నువ్వు చెల్లెల్ని తిడతావని.

కోపం లేదని చెప్పాను. నడవలేకపోయిందని చెప్పాను. పోయే ముందు, ఏప్రిల్ మొదట్లో ఒక రోజు నా చేత పువ్వులు పంపిందనీ, అవి అక్కడ పెట్టి ఫొటో తీసుకొచ్చి తనకి చూపించాననీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది. గట్టిగా, అడ్డు లేకుండా. గుండె ఆగలేదు, తోర్బెన్. ఎదురింటి ఆవిడ ఫోన్ తీసుకుని, పక్కనే ఉన్నాను, కంగారు పడకండి అంది.

పార్టీ ఆపొద్దని మీ అమ్మ మాట. మా వీడియో రేపు తీస్తాం.

నువ్వు ఇంటికి వచ్చేసరికి మీ అమ్మ నీకోసం కూర్చుని ఉంటుంది. ఆమె అడిగేది చావు గురించి కాదు, అది నేను చెప్పేశాను. కూతురు తనని వదిలేసిందనుకుంటూ గడిపిన అయిదు నెలల గురించి అడుగుతుంది. దానికి కాగితం రాసుకోకు. తలుపు తీసుకుని లోపలికి వెళ్లు.

నీ బావ,
అస్గర్