రోజుకొక వాక్యం

డిసెంబర్ 1, సోమవారం

ఉదయం 8.40. మైనస్ రెండు.

కిండర్‌గార్టెన్‌లో ధృతిని దింపి వచ్చాను. టీచర్ ఫ్రావ్ డోర్న్ (ఫ్రావ్ అంటే మన మేడం లాంటిదే) నన్ను పక్కకి పిలిచి ఇంగ్లీషులో చెప్పింది. చేరి ఆరు వారాలైంది. ధృతి ఆడుతుంది, తింటుంది, బొమ్మలు గీస్తుంది. కానీ ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. ఏ భాషలోనూ.

"కంగారు లేదు. దేశం మారిన పిల్లలు కొందరు ఇలా నెలల తరబడి వింటూ ఉంటారు. ఇంట్లో మీ భాషే మాట్లాడండి. జనవరి 26న కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటికీ ఇలాగే ఉంటే డాక్టరుకి చూపించాలి."

తర్వాత మెల్లగా అడిగింది. "మీరు బయట ఎవరితోనైనా మాట్లాడటం పిల్ల చూస్తుందా?"

చూడదు. మాట్లాడితే కదా.

మా కాన్వెంట్ ప్రోగ్రెస్ కార్డులో పదేళ్లపాటు ఒకే మాట రాశారు: మంచి పిల్ల, నోరు విప్పదు. నాలుగేళ్ల నా కూతురికి అదే కార్డు వస్తోంది, వేరే దేశంలో.

అందుకే తీర్మానం!

1. రోజుకొక జర్మన్ వాక్యం. బయటి మనిషితో. ధృతి వినేలా.
2. కనీసం నాలుగు మాటలుండాలి.
3. నమస్కారాలు, థాంక్సులు లెక్కలోకి రావు.

జనవరి 26 దాకా. యాభై ఏడు రోజులు, యాభై ఏడు వాక్యాలు. ఎంత సులువు!

డిసెంబర్ 2

బేకరీ. "ఒక రొట్టె కోసి ఇవ్వండి" అన్నాను. ఇంటి దగ్గర నుంచి బేకరీ దాకా గొణుక్కుంటూ వెళ్లాను. ఆమె తిరిగి ఏదో అడిగింది. దానికి సిద్ధపడలేదు. "యా" అన్నాను. రెండు రొట్టెలు వచ్చాయి.

లెక్క: ఒకటి. (వాక్యాలు. రొట్టెలు రెండు.)

డిసెంబర్ 3

బస్సు డ్రైవర్ని అడిగాను. "ఈ బస్సు స్టేషన్‌కి వెళ్తుందా?" వెళ్తుందని నాకు తెలుసు, బోర్డు మీద రాసే ఉంది. "వెళ్తుంది, ఎక్కండి" అన్నాడు. అడిగాక ఎక్కకపోతే ఎట్లా? ఇద్దరం స్టేషన్‌కి వెళ్లి తిరిగొచ్చాం. ధృతికి కిటికీ సీటు దొరికింది. ఆనందం.

మా ఆయన మోహన్ సాయంత్రం అడిగాడు. "ఏం సుమా, ఈ పొద్దు ఎంత దూరం మాట్లాడితివి?"

"స్టేషన్ దాకా."

డిసెంబర్ 5

పక్క వీధిలో ఒక కుక్కతో చెప్పాను. చాలా మంచి వాక్యం. ఆరు మాటలు.

"కుక్క లెక్కలోకి రాదు" అన్నాడు మోహన్.

"దాని పక్కన యజమాని ఉన్నాడు."

"ఆయప్ప నీకేమన్నా బదులు చెప్పెనా?"

"కుక్కే చెప్పింది."

సగం మార్కు వేసుకున్నాను.

డిసెంబర్ 6, శనివారం

తలుపు తీస్తే మా చెప్పుల్లో ఎవరో చెత్త వేశారనిపించింది. వంగి చూస్తే అక్రోట్లు, నారింజలు, చాక్లెట్లు! మోహన్ బూట్లలో, నా షూస్‌లో, ఇక్కడికి రాకముందు మేమున్న హూడిలో ధృతి కొనుక్కున్న పూల చెప్పుల్లో కూడా.

సంగతి ఏమంటే, ఈ రోజు పిల్లలు రాత్రే బూటు బయట పెట్టుకుంటే సెయింట్ నికొలస్ వచ్చి నింపుతాడట. మేం మామూలుగానే చెప్పులన్నీ గుమ్మం బయటే వదులుతాం. ఎనిమిది జతలు! కింది ఇంటి ఫ్రావ్ కెల్లర్, డెబ్బై ఎనిమిదేళ్లావిడ, ఎంత ఆశపోతు కుటుంబమో అనుకోకుండా అన్నీ నింపింది.

కిందికి వెళ్లి థాంక్స్ చెప్పాను. నా రూలు ప్రకారం అది లెక్కలోకి రాదు. రూలు మార్చాలి.

పూల చెప్పులు ధృతికి వేసి చూశాను. మడమ బయటికి వస్తోంది. ఇక్కడ ఒక్కసారీ తొడగలేదు. చలికి గుమ్మం దగ్గరే ఉండి ఉండి చిన్నవైపోయాయి.

డిసెంబర్ 10

విదేశీయుల ఆఫీసు. సెప్టెంబర్‌లో వచ్చాక అడ్రసు రిజిస్టరు చేశాం, వేలిముద్రలు ఇచ్చాం, ఇప్పటికి ఇక్కడ ఉండేందుకు కార్డులు వచ్చాయి. మోహన్‌ది బ్లూ కార్డు, ఆయన ఉద్యోగాన్ని పట్టుకుని ఉంటుంది. మొదటి ఏడాదిలో కంపెనీ మారాలంటే ఈ ఆఫీసుకి చెప్పాలి. నాదీ ధృతిదీ ఆయన్ని పట్టుకుని ఉంటాయి.

నా కార్డు మీద "ఉద్యోగం చేయవచ్చు" అని ఉంది. ఎవరితో ఏం మాట్లాడి చేయాలో లేదు.

కౌంటర్‌లో అమ్మాయితో ఒక వాక్యం అనుకున్నాను. ఆమె ముందే "సంతకం ఇక్కడ" అంది. సంతకం పెట్టాను. ధృతి నా కోటు పట్టుకుని చూస్తూ ఉంది.

లెక్క: సున్నా. ఆఫీసు రోజులు మినహాయింపు. (కొత్త రూలు 4.)

డిసెంబర్ 13

సాయంత్రం నాలుగున్నరకే దీపాలు. "అమ్మా, సూర్యుడు నిద్రపోయినాడా? నేనింకా ఆడలేదు" అంది ధృతి. ఇంట్లో మాత్రం గలగలా మాట్లాడుతుంది. మెట్లు దిగగానే మూత పడుతుంది.

జలుబు. గొంతు లేదు. మినహాయింపు. (రూలు 5.)

డిసెంబర్ 16

చందాపుర నుంచి అక్క నేత్రావతి ఫోన్. అక్టోబర్‌లో ఇక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు, ఇప్పుడు తేడా నాలుగున్నర గంటలు. ధృతి ఇంటికొచ్చే వేళకి అక్క అందరికీ వడ్డిస్తూ ఉంటుంది.

"ఏమ్మా, చలి ఎట్లుండాది?"

"గోడకి బూజు పట్టకుండా రోజుకి మూడు సార్లు కిటికీలు బార్లా తెరవాలంట అక్కా. ఇంటి అగ్రిమెంట్‌లోనే రాసినారు."

"అయ్యో రామ, లోపల కాసుకుండేది, బయటికి తోసేది! పాప మాట్లాడతాండాదా బళ్లో?"

"లేదక్కా."

"నువ్వు?"

"నేనూ అంతే అక్కా."

"అట్లయితే దాన్నేమంటావే? ఇయ్యి దానికి ఫోను."

ధృతి సగం మొహం చూపించి వెళ్లిపోయింది. హూడిలో ఉన్నప్పుడు ఫోన్ కోసం నాతో కొట్లాడేది.

డిసెంబర్ 25, 26

దేశమంతా మూత. దుకాణం లేదు, బేకరీ లేదు, వీధిలో కుక్క కూడా లేదు. మాట్లాడదామన్నా మనిషి లేడు. మోహన్: "నీ కోసం దేశమే లీవు పెట్టేసింది సుమా."

మంచు పడింది. ధృతి నాలుక చాపి పట్టుకుంది. రుచి లేదని ఫిర్యాదు. చక్కెర చల్లి ఇచ్చాను.

పండగల మినహాయింపు. (రూలు 6.)

జనవరి 8

లెక్క చూశాను. ముప్పై తొమ్మిది రోజులు. వాక్యాలు ఎనిమిదిన్నర. రూల్స్ ఆరు.

ఈ రోజు బేకరీలో వేలితో చూపించాను.

జనవరి 12, సోమవారం

మా తలుపు పిడికి ఒక చెక్క పలక వేలాడుతోంది. ఈ వారం మెట్లు, ముందర బాట శుభ్రం చేసే వంతు మాది! ఇక్కడ ఇళ్లవాళ్లు వంతులవారీగా చేస్తారు. మంచు పడితే ఉదయం ఏడు లోపల తోసెయ్యాలి. పని అయ్యాక పలక పక్కింటి పిడికి తగిలించాలి. ఫ్రావ్ కెల్లర్ చీపురు, పార, జారకుండా చల్లే కంకర బకెట్ చూపించి చేతులతో అంతా వివరించింది.

ఇన్ని నెలల్లో మొదటిసారి నాకు వచ్చిన పని దొరికింది. మాట అక్కర్లేదు. వాకిలి చిమ్మడం నాకు ఎవరు నేర్పాలి?

జనవరి 17, శనివారం

ఈ రోజుది వివరంగా రాయాలి.

ఉదయం 7.15. మైనస్ ఏడు. మోహన్ నిద్రలో ఉన్నాడు. నేనూ ధృతీ కిందికి దిగాం. వీధి తలుపు ముందరి ఐదు రాతి మెట్లు చిమ్మాను. చిమ్మితే తృప్తి కాలేదు. హూడిలో రోజూ ఏం చేసేదాన్నో అదే చేశాను. రెండు బకెట్ల వేడినీళ్లు తెచ్చి పైనుంచి కిందిదాకా కొట్టి కడిగాను. పొగలు కక్కుతూ మెట్లు తళతళలాడాయి. కింద బాట మీద బియ్యప్పిండితో నాలుగు చుక్కలు పెట్టి ముగ్గు కూడా వేశాను. ధృతి చప్పట్లు కొట్టింది. ఎంత గర్వంగా ఉందో!

లేచి చూస్తే తళతళ తగ్గలేదు. చీపురు ఆనిస్తే జర్రున జారిపోయింది. మెట్లు మెట్లుగా లేవు, అద్దాలయ్యాయి.

అప్పుడే మెట్ల పైన వీధి తలుపు తెరుచుకుంది. ఫ్రావ్ కెల్లర్. చేతిలో సంచి. పోయినేడు తుంటి ఎముకకి ఆపరేషన్ అయిన మనిషి. ఒక కాలు ఎత్తింది.

ఆగండి, మంచుగడ్డ. రెండు మాటలు. రెండూ నాకు వచ్చు. గొంతులో ఉన్నాయి. రాలేదు. నోరు తెరుచుకుంది, శబ్దం లేదు.

"హాల్ట్! దా ఇస్ట్ ఐస్!"

అవే మాటలు, వీధంతా వినబడేలా. ధృతి!

ఫ్రావ్ కెల్లర్ కాలు గాలిలోనే ఆగింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుంది. ధృతి ఆగలేదు, అమ్మ నీళ్లు పోసిందని కూడా జర్మన్‌లో చెప్పేసింది! ఆవిడ మెట్లు చూసింది, బకెట్ చూసింది, ముగ్గు చూసింది. మొదట మొహం తెల్లబోయింది. తర్వాత కమ్మీ పట్టుకునే నవ్వడం మొదలుపెట్టింది.

ముగ్గురం కలిసి కంకర చల్లాం. ధృతి ముగ్గు మీద చల్లనివ్వలేదు. చల్లినంతసేపూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను బకెట్ పట్టుకున్నాను.

మోహన్‌కి చెబితే, "నీళ్లు పోసిందానివి నువ్వు, నోరు తెరిచింది పాప. మంచి జోడీ!" అన్నాడు. తర్వాత వెళ్లి తలుపు పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఉన్నాను.

జనవరి 19, సోమవారం

ఫ్రావ్ డోర్న్ గేటు దాకా వచ్చింది. ధృతి ఈ రోజు ఒక పిల్లాడికి "నా వంతు" అని చెప్పిందట, రెండుసార్లు. డాక్టరు మాట ఇక అక్కర్లేదంది. చెట్లకి ఆకుల్లేకపోయినా ఇంటి దారి ఎంత బాగుందో.

సాయంత్రం వంటింట్లో ఉంటే గదిలోంచి గొంతు. ధృతి తన గుడ్డబొమ్మని కోప్పడుతోంది. నిన్నటిదాకా ఆ బొమ్మకి తెలుగే వచ్చు. "తినవే, నాన్నొస్తాడు" అనేది, అచ్చం నా గొంతుతో. ఈ రోజు జర్మన్‌లో తిడుతోంది. ఫ్రావ్ డోర్న్ గొంతుతో.

పప్పు మాడింది. కొంచెమే.

పడుకునే ముందు అడిగింది. "అమ్మా, ఆ రోజు నువ్వెందుకు అరవలేదు?"

"భయమేసింది రా."

"నాకూ వేసింది" అంది.

జనవరి 20, మంగళవారం

పాత రూల్సన్నీ కొట్టేశాను. మినహాయింపులు లేవు.

ధృతితో ఒప్పందం. రోజుకొక వాక్యం నేను జర్మన్‌లో, బయటి మనిషితో. రోజుకొక వాక్యం ఆమె తెలుగులో, బొమ్మతో. ఎవరు మానేస్తే వాళ్లు ఆ రోజు అన్ని కిటికీలూ తెరవాలి.

ఉదయం 8.05. ఫ్రావ్ కెల్లర్ తలుపు కొట్టాను. ధృతి చెప్పబోయింది, భుజం మీద చెయ్యి వేసి ఆపాను.

"శనివారం మెట్లు కడిగింది నేనే, నన్ను క్షమించండి."

మొత్తం చెప్పాను. వ్యాకరణం తప్పిందట, మెట్లు దిగుతూ ధృతి సరిచేసింది.

లెక్క: ఒకటి.

ధృతి బొమ్మతో ఇంకా ఏమీ చెప్పలేదు. సాయంత్రం దాకా టైముంది.